నాలుగు రాత్రులు, నూట అరవై ప్రయత్నాలు

మిరప వేసే వాళ్ళకు ఆకు ముడత రెండు రకాలని తెలుసు. ఆకు అంచులు పైకి లేచి దోనెలాగా అయితే పై ముడత. అది తామర పురుగుల పని. అంచులు కిందికి వంగి, బోర్లించిన దోనెలాగా అయితే కింది ముడత. అది నల్లి పని. రెండింటికీ మందులు వేరు. తామర పురుగుకు కొట్టే మందుల్లో చాలావాటికి నల్లి చావదు. తప్పు మందు కొడితే డబ్బూ పోతుంది, వారం రోజుల అదనూ పోతుంది. మా నాన్న పాతికేళ్ళ నుంచీ మిరప వేస్తున్నాడు. అయినా ముడత లేతగా ఉన్నప్పుడు ఆయనే ఒక్కొక్కసారి పొరబడుతుంటాడు.

అందుకని ఈ ఏడు ప్రాజెక్టుకు నేను ఎన్నుకున్న పని ఇది: ఆకు ఫోటో చూపిస్తే పై ముడతా, కింది ముడతా, లేక మంచి ఆకా అని కంప్యూటరు చెప్పాలి. మా ఊళ్ళోనూ చుట్టుపక్కల ఊళ్ళలోనూ 28 చేలు తిరిగి, చేనుకు 50 చొప్పున 1,400 ఫోటోలు తీశాను. నాలుగు చేల ఫోటోలు 200 విడిగా దాచిపెట్టి, చివరిదాకా ముట్టుకోకూడదని ఒట్టు పెట్టుకున్నాను. మిగిలిన 1,200 కలిపేసి, అందులో 900 నేర్పడానికీ, 300 మధ్యమధ్య పరీక్షించడానికీ పెట్టుకున్నాను. మోడలు నాది కాదు. మొబైల్‌నెట్ అని, లక్షల బొమ్మల మీద ముందే నేర్చుకున్న చిన్న నెట్‌వర్కు. దానికి మన మిరపాకులు కొత్తగా నేర్పాలి, అంతే.

ఇక్కడ హైపర్ పరామీటరు అన్నమాట వస్తుంది. నెట్‌వర్కు లోపలి లక్షల సంఖ్యలను అది తనంతట తానే దిద్దుకుంటుంది. అవి పరామీటర్లు. నేర్పడం మొదలు పెట్టకముందే మనం నిర్ణయించి ఇవ్వవలసినవి హైపర్ పరామీటర్లు. విత్తనం ఎంత చల్లాలి, సాలుకూ సాలుకూ ఎంత ఎడం ఉంచాలి అన్నవి రైతు ముందే తేల్చుకుంటాడు గదా, మొలిచాక మార్చలేడు. ఇవీ అట్లాంటివే. నాకు మూడు ఉన్నాయి. ఒక్కొక్క తప్పుకు సంఖ్యలను ఎంతెంత జరపాలో చెప్పేది లెర్నింగ్ రేటు. సంఖ్యలు మరీ పెద్దవి కాకుండా వెనక్కి లాగేది వెయిట్ డికే. నేర్పేటప్పుడు కొన్ని తీగలను అప్పటికప్పుడు తెంపి, నెట్‌వర్కు బట్టీ పట్టకుండా చేసేది డ్రాపౌట్. మూడూ సరిగ్గా కుదిరితేనే ఫలితం. కుదిరాయో లేదో ముందే చెప్పే సూత్రం లేదు. నేర్పి చూడవలసిందే.

నేర్పి చూడడానికి పట్టే కాలమే నా బాధంతా. మా డిపార్ట్‌మెంటు లాబులో నాకు ఇచ్చింది గ్రాఫిక్ కార్డు లేని మామూలు కంప్యూటరు. ఒక్కసారి నేర్పడానికి 12 నిమిషాలు. మా లెక్చరరు గారు నాలుగు శనివారాలు, రాత్రి 9 నుంచి తెల్లవారి 5 దాకా వాడుకోమన్నారు. రాత్రికి 480 నిమిషాలు, అంటే 40 ప్రయత్నాలు. మొత్తం 160. అంతకుమించి ఒక్కటీ లేదు.

మొదటి రాత్రి గ్రిడ్ సెర్చ్ చేశాను. పుస్తకాల్లో మొదట చెప్పేది అదే, చెయ్యడానికి సులువూ అదే. ఒక్కొక్క దానికి కొన్ని విలువలు రాసుకుని, అన్ని జతలూ వరుసగా ప్రయత్నించడం. లెర్నింగ్ రేటుకు 0.002, 0.004, 0.006, 0.008, 0.01 అని ఐదు. వెయిట్ డికేకు నాలుగు, డ్రాపౌట్‌కు రెండు. 5 × 4 × 2 = 40. రాత్రికి సరిగ్గా సరిపోయిందని మురిసిపోయాను కూడా.

తెల్లవారి చూస్తే అన్నిటికంటె మంచిది 78 శాతం. అది 0.002 దగ్గర వచ్చింది. అంటే నేను ఇచ్చిన ఐదింటిలో అన్నిటికంటె చిన్నదాని దగ్గర. ఇది చాలా ముఖ్యమైన గుర్తు. మంచి ఫలితం మనం గీసుకున్న హద్దు మీద వచ్చిందంటే అసలు మంచి చోటు హద్దు అవతల ఉందేమో అని అనుమానించాలి. నీళ్ళు గట్టు పక్కన చెమరిస్తున్నాయంటే ఊట పక్క చేలో ఉందన్నమాట. నేను 40 ప్రయత్నాలూ ఊట లేని చేలోనే ఖర్చుపెట్టాను.

ఆ పట్టికను ఆదివారమంతా చూస్తూ కూర్చుంటే మరొక సంగతి కనపడింది. వెయిట్ డికే మార్చినా, డ్రాపౌట్ మార్చినా మార్కులు దాదాపు కదల్లేదు. కదిలించింది లెర్నింగ్ రేటు ఒక్కటే. అట్లా అయితే నేను చేసింది 40 ప్రయోగాలు కాదు, ఐదే. ఒక్కొక్క దాన్ని ఎనిమిదేసి సార్లు చేశాను. గ్రిడ్‌లో ఉన్న లోపం ఇదే. ఏ మర ముఖ్యమో ముందుగా తెలియదు కనుక అన్నిటికీ సమానంగా పంచుతాం. ముఖ్యం కాని మరలకు ఇచ్చిన ప్రయత్నాలన్నీ ముఖ్యమైన దాని గురించి అడిగిన ప్రశ్ననే మళ్ళీ అడుగుతాయి. మరలు పెరిగిన కొద్దీ ఇది ఘోరమవుతుంది. ఆరు మరలకు మూడేసి విలువలు ఇచ్చినా 729 ప్రయత్నాలు. నా లెక్కన 18 రాత్రుల పైమాటే.

ఈ సంగతిని బెర్గ్‌స్ట్రా, బెంజియో అనే ఇద్దరు 2012లో ఒక పరిశోధన పత్రంలో వివరంగా చూపించారు. వారి మందు వినడానికి నవ్వు వస్తుంది: పట్టిక మానేసి చీట్లు తీసినట్లు విలువలు ఎంచుకోండి, అని. అదే రాండమ్ సెర్చ్. ఒక్కొక్క ప్రయత్నంలో మూడు మరలూ కొత్త విలువలు తీసుకుంటాయి కనుక 40 ప్రయత్నాలు చేస్తే లెర్నింగ్ రేటుకు 40 వేర్వేరు విలువలు చూసినట్లే. ఏది ముఖ్యమో మనకు తెలియకపోయినా నష్టం లేదు.

అయితే చీట్లు ఎట్లా రాయాలన్నది చూసుకోవాలి. లెర్నింగ్ రేటును 0.00001 నుంచి 0.1 దాకా వెతకదలిచాను. ఆ మధ్యలో మామూలుగా చీటీ తీస్తే నూటికి తొంభై 0.01కి పైనే పడతాయి, ఎందుకంటే ఆ నిడివిలో తొంభై వంతులు అక్కడే ఉన్నాయి. నాకు కావలసిన చిన్న విలువల వైపు ఒకటో రెండో వస్తాయి. ఇట్లాంటి వాటికి తేడా ముఖ్యం కాదు, ఎన్ని రెట్లు అన్నది ముఖ్యం. కనుక చీటీ ఘాతం మీద తీయాలి.

```python
lr = 10 ** random.uniform(-5, -1)
```

ఈ ఒక్క వరుసతో నాలుగు దశాంశ స్థానాలకూ సమానంగా వంతు వస్తుంది. మొదటి రాత్రి నేను చేసిన పొరపాటు గ్రిడ్‌ది కాదు, సగం ఇదే. గ్రిడ్ చేసినా 0.00001, 0.0001, 0.001 అని పదేసి రెట్లుగా మెట్లు వేసుకుని ఉంటే ఆ రాత్రి అంతగా పాడయ్యేది కాదు.

రెండో శనివారం 37 చీట్లు తీశాను. మూడు ప్రయత్నాలు ఉంచుకున్నాను, ఎందుకో చెబుతాను. 27వ ప్రయత్నంలో మొదటిసారి 85 శాతం దాటింది. అన్నిటికంటె మంచిది లెర్నింగ్ రేటు 0.00034 దగ్గర, 300 ఫోటోల్లో 259 సరిగ్గా చెప్పింది. 86.3 శాతం. మొదటి రాత్రి గ్రిడ్ ఎంత దూరంలో తిరిగిందో ఇప్పుడు తెలిసింది. దాని అతి చిన్న విలువ కూడా దీనికి ఆరు రెట్లు పెద్దది.

ఎన్ని చీట్లు తీస్తే చాలు అన్నదానికి ఒక చిన్న లెక్క ఉంది. మనం గీసిన చోటంతటిలో మేలైన ఐదు శాతం భాగంలో కనీసం ఒక్క చీటీ అయినా పడాలనుకుందాం. ఒక చీటీ అందులో పడకపోయే అవకాశం 0.95. అన్నీ పడకపోయే అవకాశం 0.95ను అన్నిసార్లు హెచ్చించినంత. 37 చీట్లకు కనీసం ఒకటి పడే అవకాశం 85 శాతం, 60 చీట్లకు 95 శాతం. మరలు ఎన్ని ఉన్నా ఈ లెక్క మారదు. కాని ఇది విని మోసపోకూడదు. మేలైన ఐదు శాతం అంటే మనం గీసిన గీత లోపల మేలైనది. నా మొదటి రాత్రి గీత లోపల ఎన్ని వందల చీట్లు తీసినా 86 వచ్చేది కాదు.

ఇక ఉంచుకున్న మూడు ప్రయత్నాలు. అన్నిటికంటె మంచి విలువలనే తీసుకుని, ఏ మరా కదపకుండా, కంప్యూటరు లోపలి చీట్ల వరుసకు ఇచ్చే తొలి సంఖ్య మాత్రం మార్చి మూడుసార్లు నేర్పాను. మొదట 259 వచ్చినది 252, 257, 254 వచ్చింది. ఏమీ మార్చకుండానే ఏడు ఫోటోల తేడా! అంటే నా కొలబద్ద వణుకుతున్నది. రెండు శాతం తేడాను చూసి ఇది మంచిది, అది కాదు అనడానికి వీల్లేదు. పైగా 259 అన్నది మొదటిసారి రావడం కూడా కాకతాళీయం కాదు. 37లో గరిష్ఠాన్ని ఏరుకున్నాం గనుక, అదృష్టం కలిసి వచ్చినదే పైన తేలుతుంది. మళ్ళీ చేస్తే తగ్గడం సహజం.

మూడో రాత్రికి బేసియన్ ఆప్టిమైజేషన్. దీన్ని చెప్పడానికి నాకు మా బోర్లే గుర్తుకు వస్తాయి. మా నాన్న మూడు బోర్లు వేయించాడు. మొదటిది కొబ్బరికాయ పట్టి చూసే ఆయన చూపించిన చోట. దుమ్ము తప్ప ఏమీ రాలేదు. రెండోది దానికి ముప్పై అడుగుల దూరంలో. అదీ అంతే. మూడోది వేసే ముందు నాన్న ఎవరినీ పిలవలేదు. పక్క చేల వాళ్ళ బోర్లలో ఎక్కడ ఎంత పడ్డాయో అడిగి తెలుసుకుని, మా రెండు ఎండు బోర్లకు దూరంగా, తూర్పు మూల వేయించాడు. ఇంచిన్నర నీళ్ళు పడ్డాయి. అప్పు తీరడానికి నాలుగేళ్ళు పట్టిందనుకోండి, అది వేరే కథ.

నాన్న చేసినదాన్నే లెక్కగా చేస్తే అది బేసియన్ పద్ధతి. ఇది నా ఉపమానం మాత్రమే కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో పనిచేసిన డేనియల్ క్రిగే అనే ఇంజనీరు, కొన్నిచోట్ల తీసిన నమూనాలను బట్టి తీయని చోట ఖనిజం ఎంత ఉంటుందో అంచనా వేసే పద్ధతిని 1951లో ప్రతిపాదించాడు. తరువాత ఫ్రాన్సులో మాథెరాన్ దానికి గణిత రూపం ఇచ్చి క్రిగేజ్ అని పేరు పెట్టాడు. ఇవాళ గాసియన్ ప్రాసెస్ అంటున్నది మూలంలో అదే. తవ్విన చోట ఫలితం తెలుసు. దగ్గరి చోట్ల ఫలితం దానికి దగ్గరగా ఉంటుంది. దూరం పోయిన కొద్దీ మన అంచనా మీద నమ్మకం తగ్గుతుంది. కనుక ప్రతి చోటుకూ రెండు సంఖ్యలు చెబుతుంది: ఎంత రావచ్చు, ఆ మాట ఎంత అటూ ఇటూ కావచ్చు.

తరువాత ఎక్కడ తవ్వాలి? ఇప్పటిదాకా వచ్చినదాంట్లో గరిష్ఠం 84 అనుకుందాం. ఒక చోటు ఆ 84 పక్కనే ఉంది. అంచనా 84, అటూ ఇటూ అర శాతం. మరొక చోటు ఎవరూ చూడని మూల. అంచనా 82 మాత్రమే, కాని అటూ ఇటూ 4. మామూలు బుద్ధికి మొదటిదే మంచిదనిపిస్తుంది. కాని మనకు కావలసింది 84ను మించినంత మేర. తక్కువ వస్తే నష్టం లేదు, పాత 84 మన చేతిలోనే ఉంటుంది. ఆ మించే మేరకు సగటు లెక్కిస్తే మొదటి చోట సుమారు 0.2, రెండో చోట సుమారు 0.8 వస్తుంది. కనుక మూలకే పోవాలి. అక్కడ చూశాక ఆ చోటి అనుమానం తీరుతుంది, లెక్క మళ్ళీ మొదలు. తెలిసిన చోట లోతుగా తవ్వడం, తెలియని చోట ఒక చూపు చూడడం, రెంటినీ ఒక్క సంఖ్యతో తూచడమే ఇందులోని తెలివి.

దీన్ని నేను రాసుకోలేదు. ఆప్ట్యూనా అనే ఉచితంగా దొరికే లైబ్రరీ ఉంది.

```python
study = optuna.create_study(
    study_name="mirapa", direction="maximize",
    storage="sqlite:///mirapa.db", load_if_exists=True,
    sampler=optuna.samplers.GPSampler(seed=7))
study.optimize(objective, n_trials=40)
```

మూడో వరుసను తేలికగా తీసుకోకండి. ఈ పద్ధతికి వెనకటి ఫలితాలే పెట్టుబడి, అవి పోతే మళ్ళీ మొదటికి వస్తుంది. అర్ధరాత్రి రెండు దాటాక కరెంటు పోయింది. అరగంటకు వచ్చింది. ఫలితాలన్నీ ఫైల్లో భద్రంగా ఉన్నాయి. ఎన్ని మిగిలాయో లెక్క చూసి, ఆ సంఖ్య ఇచ్చి మళ్ళీ నడిపించాను. మోటారు కరెంటు కోసం అర్ధరాత్రి లేవడం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటే. వాచ్‌మన్ తాత టార్చి వేసి చూసి, "ఇంకా మిరపకు నీళ్ళు పెడుతనే ఉన్నవా బిడ్డా?" అన్నాడు. అవునన్నాను.

మొదటి పది ప్రయత్నాలు చీట్లే. ఏదో కొంత తెలిస్తేగాని అంచనా మొదలు కాదు. 16వ ప్రయత్నానికే 85 వచ్చింది. చివరకు గరిష్ఠం 300కు 261, అంటే 87 శాతం. రాండమ్ కంటె రెండు ఫోటోలు ఎక్కువ. ఏడు ఫోటోలు వణికే కొలబద్ద మీద రెండు ఫోటోల గెలుపు గెలుపు కాదని చెప్పనక్కరలేదు. త్వరగా చేరిందన్న మాట మాత్రం నిజం. అదీ ఒక్క రాత్రి అనుభవమే, నూరు రాత్రులది కాదు.

మరొక చిక్కు కూడా ఉంది. ఇందులో ఒకటి అయ్యాక గాని రెండోది ఎక్కడో తెలియదు. నాకు ఉన్నది ఒకే కంప్యూటరు కనుక నష్టం లేకపోయింది. అదే పది ఇచ్చి ఉంటే రాండమ్ సెర్చ్ 40 ప్రయత్నాలూ 48 నిమిషాల్లో అయిపోయేవి, ఒకదానికొకటి సంబంధం లేదు గనుక. బేసియన్‌ను పదేసి చొప్పున అడిగితే అది నేర్చుకునే అవకాశాలు నాలుగే. ఎక్కువ యంత్రాలు, తక్కువ గడువు ఉన్న వాళ్ళకు చీట్లే మేలు. యంత్రం ఒకటే ఉండి, ప్రతి ప్రయత్నం ఖరీదైనదై, మరలు కొద్దిగా ఉన్న నాబోటి వాళ్ళకు బేసియన్ నయం.

87 రాగానే ఆగలేక, దాచిన నాలుగు చేల ఫోటోలు తెరిచాను. 200కు 158. అంటే 79 శాతం.

ఎనిమిది శాతం ఎక్కడ పోయింది? అదృష్టం కలిసినదాన్ని ఏరుకున్నందుకు కొంత. అసలు కారణం వేరు. నేను 24 చేల ఫోటోలను కలిపేసి పంచాను కనుక, పరీక్షించే 300లో ఉన్న ప్రతి చేనూ నేర్పిన 900లో కూడా ఉంది. అదే నల్లరేగడి, అదే పొద్దు, అదే ఎండ. నెట్‌వర్కు ఆకుతో పాటు చేనును కూడా బట్టీ పట్టింది. బట్టీ పట్టినందుకు నేనే మార్కులు వేశాను. 120 ప్రయత్నాలు ఆ బట్టీని ఇంకా బాగా పట్టించే విలువల కోసం వెతికాయి. వెతికే పద్ధతి ఎంత తెలివైనదైతే తప్పు కొలబద్దను అంత తెలివిగా మెప్పిస్తుంది.

నాలుగో రాత్రికి చేలవారీగా పంచాను. 18 చేలు నేర్పడానికి, 6 చేలు పరీక్షకు. సంఖ్యలు అవే, 900, 300. బేసియన్ పద్ధతికి 30 ప్రయత్నాలే ఇచ్చి, పది అట్టిపెట్టాను. ఆ పదింటితో పైకి తేలిన ఐదు అమరికలనూ చెరి రెండుసార్లు మళ్ళీ నేర్పాను. మొదటి స్థానంలో ఉన్నది మూడుసార్ల సగటు చూస్తే మూడో స్థానానికి దిగింది. చివరకు ఎంచుకున్నది 244, 239, 246. సగటు 243, అంటే 81 శాతం. 87 చూసిన కళ్ళకు ఇది చిన్నగా కనపడవచ్చు, కాని ఇది చూడని చేల మీద వచ్చిన మార్కు.

ఇక్కడ నాకు ఆశ్చర్యం కలిగించింది ఒకటుంది. లెర్నింగ్ రేటు పెద్దగా మారలేదు, 0.0002 దగ్గర నిలిచింది. కాని మొదటి రాత్రి ముఖ్యం కాదని నేను తేల్చిపారేసిన డ్రాపౌట్, వెయిట్ డికే ఇప్పుడు మార్కులను కదిలించాయి. పైన తేలిన ఐదింటిలోనూ డ్రాపౌట్ 0.35కు పైనే ఉంది. చేనును బట్టీ పట్టనివ్వని మరలు అవే గదా. మునుపటి కొలబద్దకు వాటి అవసరం కనపడలేదు. లెర్నింగ్ రేటు అదుపు తప్పి ఉన్నప్పుడు అసలే కనపడలేదు. ఏ మర ముఖ్యమో కూడా దేనితో కొలుస్తున్నామో దాన్ని బట్టి ఉంటుందన్నమాట.

ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నకు చెప్పాను, అయిదు ఆకుల్లో నాలుగు సరిగ్గా చెబుతుందని. "ఆ అయిదోది ఏదో అది చెబుతుందారా?" అని అడిగాడు. చెప్పదు నాన్నా అన్నాను. "అయితే మందు కొట్టే ముందు నేను కూడా చూస్తాలే" అన్నాడు.

దాచిన 200 ఫోటోలు ఒకసారి తెరిచి, వాటిని చూసి నా పద్ధతి మార్చుకున్నాను కనుక అవి ఇక పరీక్షకు పనికిరావు. సంక్రాంతి సెలవుల్లో కొత్తగా ఆరు చేలు తిరిగి ఫోటోలు తీయాలి. ఈసారి మా చేను అందులో ఉండదు.